తగలని దెబ్బకు కమిలిన మచ్చ

కిందటి ఆగస్టులో ఒక రాత్రి తెనాలి నుంచి మా మేనత్త ఫోన్ చేసింది. "ఒరేయ్, పొద్దున స్నానం చేస్తూ చూసుకున్నాను. ఎడం తొడ మీద అరచేయంత మచ్చరా. నేరేడుపళ్లు నలిపి పూసినట్టుంది. నేనెక్కడా పడలేదు, దేనికీ తగిలించుకోలేదు" అంది. ఆవిడ ఇంకా మాట్లాడుతుండగానే మావయ్య ఫోన్ లాక్కున్నాడు. ప్లేట్‌లెట్లు పడిపోయాయేమోనని ల్యాబ్ కుర్రాణ్ణి ఇంటికి పిలిపించి రక్తం తీయించాడట. సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. రెండు లక్షల ముప్పై నాలుగు వేలు. "ఏమీ లేదురా, అంతా నార్మలే. మీ అత్త ఊరికే కంగారు పడింది" అన్నాడు, పొద్దుట్నుంచీ కంగారు పడింది తనే అయినా.

ఫోన్ పెట్టేసే ముందు అత్త అసలు సంగతి చెప్పింది. "ఎదురింటావిడ అంది, ఇది గుండె మాత్రల వల్లేనని. అందుకని ఈ పూట వేసుకోలేదు. కొన్నాళ్లు ఆపి చూస్తాను."

మచ్చ సంగతి విన్నప్పుడు నాకు పెద్దగా భయం వేయలేదు. ఈ చివరి మాట విన్నాక మాత్రం వేసింది. ఆవిడకు గుండెపోటు వచ్చి స్టెంటు వేసి అప్పటికి అయిదు నెలలే అయింది. రాత్రి మాత్ర అప్పుడే వేసుకోమని చెప్పి, వేసుకునేదాకా ఫోన్ పెట్టకుండా ఉండి, మర్నాడు ఆదివారం కావడంతో తెనాలి బయల్దేరాను.

చర్మం కమలడం అంటే లోపల జరిగేది చిన్న విషయమే. చర్మం కింద వెంట్రుక కన్నా సన్నటి రక్తనాళాలు ఉంటాయి. వాటిలో కొన్ని చిట్లితే రక్తం బయటికి రాకుండా కొవ్వులోకి, కండ పైపొరల్లోకి ఇంకుతుంది. మామూలుగా అయితే క్షణాల్లో ప్లేట్‌లెట్లు అక్కడికి చేరి, ఒకదానికొకటి అతుక్కుని ఆ చిల్లు పూడుస్తాయి. దాని మీద రక్తంలోని గడ్డకట్టే పదార్థాలు వలలా అల్లుకుని దాన్ని గట్టిపరుస్తాయి. అంటే మచ్చ ఎంత పెద్దదవుతుందో తేల్చేవి మూడు: నాళం గోడ, దాని చుట్టూ ఉన్న చర్మం ఎంత గట్టివి, ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయి, ఎంత బాగా పనిచేస్తున్నాయి, ఆ వల సరిగ్గా అల్లుకుంటోందా లేదా. ఏటా డెంగీ కాలంలో ప్లేట్‌లెట్ అనే మాట మన ఇళ్లలో ఉప్పు, పప్పు అంత మామూలైపోయింది కాబట్టి మచ్చ కనపడగానే అందరి మనసూ ఆ ఒక్క అంకె మీదికే పోతుంది. ఆ అంకె చెప్పేది పైవాటిలో ఒక్కదానిలో సగమే: ఎన్ని ఉన్నాయో చెబుతుంది, పని చేస్తున్నాయో లేదో చెప్పదు.

మరి దెబ్బే తగలకుండా నాళాలు ఎందుకు చిట్లుతాయి? చాలాసార్లు తగిలే ఉంటుంది, మనకు గుర్తుండదు, అంతే. మంచం కోడు, బస్సు సీటు పక్కనున్న ఇనపకడ్డీ, గ్యాస్ బండను మోకాలితో నెట్టడం, బీపీ చూసేటప్పుడు చేతికి బిగించిన పట్టీ, మనవడు ఎగిరి ఒళ్లో కూర్చోవడం, ఇవేవీ మనసులో దెబ్బల ఖాతాలో పడవు. పైగా మచ్చ వెంటనే రాదు. లోతుగా చిట్లితే రక్తం పైకి కనపడడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, ఆపాటికి తగిలిన సంగతే మరచిపోతాం. మరో తిరకాసు ఏమిటంటే, రక్తం కిందికి జారుతుంది. పిక్కలో కండరం పట్టేసి చిరిగితే చీలమండ దగ్గర నల్లబడుతుంది. నుదుటి మీద బొప్పి కడితే రెండు రోజులకు కళ్ల కింద కమిలినట్టు తేలుతుంది. మచ్చ ఉన్నచోట తడుముకుని "ఇక్కడేమీ తగల్లేదే" అనుకునేవాళ్లు జాన పైన ఎక్కడైనా తగిలిందేమో ఆలోచించాలి.

అత్త మచ్చ చూశాను. తొడ బయటివైపు, తుంటికి జానెడు కింద, అరచేయి కన్నా కొంచెం పెద్దదే. మధ్యలో ముదురు ఊదా, అంచుల్లో కాస్త ఎరుపు. నొక్కితే కొంచెం నొప్పి ఉంది, గట్టిపడలేదు, ఉబ్బలేదు. చీర కుచ్చిళ్లు ఎగదోసి ఆవిడే బాల్‌పెన్నుతో మచ్చ చుట్టూ గీత గీసుకుని ఉంది, పెరుగుతోందో లేదో చూద్దామని. ఏ డాక్టరూ చెప్పకుండానే చేసిన ఈ పని నాకు బాగా నచ్చింది. గీత దాటి మచ్చ అన్ని వైపులా పెరుగుతూ, ఆ చోటు బిగుసుకుపోతుంటే లోపల రక్తం ఇంకా కారుతోందని అర్థం. గీత దాటి కిందివైపు మాత్రమే పసుపుగా, పచ్చగా సాగితే అది జారుతున్న పాత రక్తం. ఆ రంగులు మారడం మంచి సూచనే. రక్తంలోని ఎర్రటి పదార్థాన్ని ఒళ్లు విరగ్గొట్టి మొదట పచ్చటి పదార్థంగా, తరవాత పసుపు పదార్థంగా మార్చి తీసేస్తుంది. మొత్తం సర్దుకోవడానికి దాదాపు రెండు వారాలు, పెద్ద మచ్చైతే మూడు. చామనఛాయ ఒంట్లో ఈ పసుపు సరిగ్గా కనపడదు, పగటి వెలుతురులో చూసుకోవాలి.

ఒళ్లంతా చూశాను. చేతులు, వీపు, పొట్ట, కాళ్లు. కుడి ముంజేతి మీద రూపాయి బిళ్లంత పాత మచ్చ ఒకటి తప్ప మరేమీ లేదు. నోరు తెరిపించి చిగుళ్లు, బుగ్గల లోపలివైపు చూశాను. కాళ్ల మీద ఆవగింజల్లా ఎర్రటి చుక్కలు ఉన్నాయేమో వెతికాను. నొక్కినా మాయం కాని ఆ చుక్కలు ఉంటే ప్లేట్‌లెట్లు బాగా తగ్గాయేమోనని అనుమానించాలి. ఆ జబ్బు సాధారణంగా చుక్కలుగా, చిగుళ్ల రక్తంగా, ముక్కు కారడంగా బయటపడుతుంది. గడ్డకట్టే పదార్థాల లోపమైతే దాని తీరు వేరు, లోతుగా, పెద్ద పెద్ద మచ్చలుగా, కండల్లో గడ్డలుగా వస్తుంది. అత్తకు ఈ రెండూ లేవు.

అప్పుడు అడిగాను, "అత్తా, నీ మందుల డబ్బా తీసుకురా." ఆవిడ ఫ్రిజ్ మీది నుంచి పాత బిస్కెట్ల రేకు డబ్బా దించి మంచం మీద బోర్లించింది. ఇరవై నిమిషాలు పట్టింది వాటిని వేరు చేయడానికి. ఇలాంటి మచ్చల కేసుల్లో స్టెతస్కోపు కన్నా ఆ రేకు డబ్బాయే ఎక్కువ చెబుతుందని నా అనుభవం.

ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన గుండె మందు ఒకే క్యాప్సూల్. దాని స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాల్లో మూడు పేర్లున్నాయి: కొలెస్ట్రాల్ తగ్గించే రోజువాస్టాటిన్, క్లోపిడోగ్రెల్ 75 మిల్లీగ్రాములు, ఆస్పిరిన్ 75 మిల్లీగ్రాములు. ఇది రాత్రి పూట మాత్ర. పొద్దున్నే ఆవిడ మరో చిన్న తెల్ల మాత్ర వేసుకుంటోంది. అది ఏడేళ్లుగా బీపీ మాత్రతో పాటు వాడుతున్న పాత ఆస్పిరిన్. స్టెంటు వేసినప్పుడు దాన్ని ఆపమని ఎవరూ చెప్పలేదు, కొత్త క్యాప్సూల్‌లో అదే ఉందని ఆవిడకు తెలియదు. రెండు మాత్రలూ చూడ్డానికి ఒకలా లేవు కాబట్టి రెండూ వేరని అనుకుంది. మూడోది డబ్బా అడుగున, కత్తిరించిన స్ట్రిప్పు ముక్క. మోకాళ్ల నొప్పికి వీధి చివర మెడికల్ షాపులో అడిగితే ఇచ్చినవి, ఏసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిపిన మాత్రలు. "రోజుకి రెండు, పది రోజులుగా వేసుకుంటున్నా. నొప్పికి చక్కగా పనిచేస్తున్నాయిరా" అంది. పనిచేస్తాయి మరి.

లెక్క వేయండి. ఆస్పిరిన్ రెండింతలు, క్లోపిడోగ్రెల్ ఒకటి, నొప్పి మాత్ర ఒకటి. ప్లేట్‌లెట్లు ఒకదాన్నొకటి పట్టుకోకుండా అడ్డుపడేవి మొత్తం మూడు రకాలు.

ఆస్పిరిన్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే మావయ్య తెప్పించిన రిపోర్టు ఎందుకు ఏమీ చెప్పలేకపోయిందో అర్థమవుతుంది. ప్లేట్‌లెట్‌కు మిగతా వాటిని రమ్మని కేక వేయడానికి ఒక రసాయనం కావాలి. దాన్ని తయారుచేసే ఎంజైమును ఆస్పిరిన్ శాశ్వతంగా చెడగొడుతుంది. మిగతా కణాలైతే కొత్త ఎంజైము చేసుకుంటాయి. ప్లేట్‌లెట్‌కు కేంద్రకమే లేదు, చేసుకోలేదు. కాబట్టి అది బతికే ఏడు నుంచి పది రోజులూ మూగగానే తిరుగుతుంది. క్లోపిడోగ్రెల్ మరోచోట అదే పని చేస్తుంది, కేక వినపడే చెవినే మూసేస్తుంది. ల్యాబ్ యంత్రం రక్తాన్ని సన్నటి రంధ్రం గుండా పంపి కణాలను లెక్కపెడుతుంది. మూగదీ, చెవిటిదీ దాని లెక్కలో ఒక్కటే. అందుకే రెండు లక్షల ముప్పై నాలుగు వేలు ఉన్నా గేటు గడియ తగిలితే అరచేయంత మచ్చ.

అన్నట్టు మచ్చ ఎలా వచ్చిందో మధ్యాహ్నం దొరికింది. పాల ప్యాకెట్టు తీసుకోవడానికి అత్త వెళుతుంటే వెనకే వెళ్లాను. చేతులు ఖాళీ లేక గేటును తొడతో నెట్టి మూసింది. ఇనప గడియ సరిగ్గా ఆ మచ్చ ఎత్తులో ఉంది. రోజూ చేసే పనే. మాత్రలు లేని రోజుల్లో ఆ తాకిడికి చిట్లిన నాళాలు త్వరగా మూసుకునేవి, ఇప్పుడు మూసుకోవడానికి చాలాసేపు పట్టింది, ఆలోపు రక్తం ఇంకింది.

ఇక్కడ జాగ్రత్తగా ఉండవలసిన మలుపు వస్తుంది. "మాత్రల వల్లే మచ్చ" అన్న ఎదురింటావిడ నిర్ధారణ సరైనదే. "అందుకని ఆపేయ్" అన్న సలహాతోనే ప్రాణం పోగలదు. స్టెంటు అంటే రక్తనాళంలో పెట్టిన సన్నటి లోహపు జాలీ. దాని మీద నాళపు లోపలి పొర పూర్తిగా పరుచుకునేదాకా ప్లేట్‌లెట్లకు అది పరాయి వస్తువే, అతుక్కోవాలని చూస్తాయి. గుండెపోటు వచ్చి స్టెంటు వేసినవాళ్లకు ఈ రెండు మందులూ మామూలుగా ఏడాది ఉంచుతారు, ఆ తరవాత ఒకటి చాలాకాలం ఉంచుతారు. మధ్యలో రెండూ ఒక్కసారిగా ఆపితే ఆ జాలీ లోపల గడ్డ కట్టి మళ్లీ గుండెపోటు రావచ్చు, అది మొదటిదానికన్నా పెద్దదిగా ఉండవచ్చు. తొడ మీద మచ్చ మూడు వారాల్లో పోతుంది. ఈ రెంటికీ పోలికే లేదు. ఆపాలా, తగ్గించాలా అన్నది స్టెంటు వేసిన డాక్టరే చెప్పాలి, అది కూడా మచ్చను కాక మనిషిని చూసి.

ఆవిడ డాక్టరుకు ఫోన్ చేసి మాట్లాడాను. క్యాప్సూల్ అలాగే ఉంచి పొద్దుటి పాత ఆస్పిరిన్ తీసేశాం. నొప్పి మాత్ర ఆపేశాం. దాన్ని మచ్చ కోసమే ఆపలేదు. ఆ జాతి నొప్పి మాత్రలు గుండె జబ్బు ఉన్నవాళ్లకు, బీపీ ఉన్నవాళ్లకు ఎలాగూ మంచివి కావు, ఆస్పిరిన్‌తో కలిస్తే కడుపులో పుండు పడి రక్తం పోయే ప్రమాదం కూడా పెరుగుతుంది. మోకాళ్లకు ఉత్త పారాసిటమాల్ ఇచ్చాం. అది ప్లేట్‌లెట్ల జోలికి పోదు. మచ్చ మీద ఏమి రాయాలని అడిగితే ఏమీ వద్దన్నాను. అప్పటికే ఆవిడ ఆముదం వెచ్చచేసి మర్దనా చేయించుకుందట. మొదటి రెండు రోజులు చల్లటి గుడ్డతో పది పదిహేను నిమిషాలు అద్దడం ఫర్వాలేదు, వేడి కాపడం, మర్దనా మాత్రం మూసుకుంటున్న నాళాలను మళ్లీ తెరుస్తాయి.

ఇలా మచ్చలు తెచ్చే మందులు మరికొన్ని ఉన్నాయి. అన్నిటి పేర్లూ ఇక్కడ రాయను, మన ఊళ్లలో ఎక్కువగా కనిపించేవి చాలు.

కృత్రిమ గుండె కవాటం ఉన్నవాళ్లు, గుండె లయ తప్పినవాళ్లు, కాళ్లలో గడ్డలు కట్టినవాళ్లు వాడే వార్ఫరిన్, ఎసినోకౌమరాల్ అనే మాత్రలు ప్లేట్‌లెట్లను ముట్టుకోవు, వలను పలచన చేస్తాయి. కాలేయం విటమిన్ కె సాయంతో తయారుచేసే గడ్డకట్టే పదార్థాలను తగ్గిస్తాయి. వీళ్లకు ఐఎన్‌ఆర్ అనే పరీక్ష నెలనెలా ఉంటుంది. మామూలు మనిషికి అది ఒకటి, ఈ మాత్రలు వాడేవాళ్లలో చాలామందికి రెండు నుంచి మూడు మధ్య, కొన్ని కవాటాలకు రెండున్నర నుంచి మూడున్నర మధ్య ఉంచుతారు. మా వార్డుకు ఒకసారి నలభై నాలుగేళ్ల రైతు వచ్చాడు, కవాటం మార్పించుకున్న మనిషి. నడుము మీద, రెండు తొడల మీద మచ్చలు, మూత్రం కల్లుకుండ రంగులో ఉంది. ఐఎన్‌ఆర్ ఏడు దాటింది. మాత్ర పెంచలేదు, తప్పలేదు. జరిగింది ఏమిటంటే వారం కిందట పన్ను నొప్పికి మెట్రోనిడజోల్ వాడాడు. కాలేయం ఎసినోకౌమరాల్‌ను విరగ్గొట్టకుండా ఆ మందు అడ్డుకుంటుంది, దాంతో వేసుకున్న మాత్రే ఒంట్లో పేరుకుపోతుంది. ఫంగస్‌కు వాడే ఫ్లూకొనజోల్, మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కు వాడే కొన్ని సల్ఫా మాత్రలు కూడా ఇదే పని చేస్తాయి. పంటి డాక్టరు తప్పు కూడా కాదు, ఐఎన్‌ఆర్ పుస్తకం జేబులోంచి తీసి చూపించలేదు మరి. ఈ మందు వాడేవాళ్లకు మచ్చ వస్తే ఆ రోజే ఐఎన్‌ఆర్ చేయించాలి, నెల తిరిగే దాకా ఆగకూడదు. కొత్తగా వస్తున్న రివరోక్సబాన్, ఎపిక్సబాన్, డాబిగట్రాన్ మాత్రలకు మాత్రం ఐఎన్‌ఆర్ లెక్క పనికిరాదు. అక్కడ మూత్రపిండాలు ఎలా పనిచేస్తున్నాయో చూడాలి, అవి మందగిస్తే ఈ మందులు రక్తంలో ఎక్కువసేపు నిలుస్తాయి.

స్టెరాయిడ్లది మరో దారి. అవి రక్తాన్ని ఏమీ చేయవు, చర్మాన్ని పలచన చేస్తాయి. ఉబ్బసానికి, కీళ్లవాతానికి ఏళ్ల తరబడి ప్రెడ్నిసొలోన్ వాడినవాళ్ల ముంజేతులు చూడండి, ఉల్లిపొరలాంటి చర్మం, దాని కింద ఊదా మచ్చలు. నాళాలకు ఆసరాగా ఉండే నారలు కరిగిపోతాయి, గోరు తగిలినా చిట్లుతాయి. డెబ్బై దాటినవాళ్లకు, ఎండలో పనిచేసి బతికినవాళ్లకు మందులేమీ లేకుండానే ముంజేతులకు ఇదే గతి పడుతుంది. ఆ మచ్చలు పచ్చబడవు, పసుపు కావు, ఊదా నుంచి గోధుమ రంగుకు మారి ఆ గుర్తు అలాగే ఉండిపోతుంది. వాటికి రక్త పరీక్షలు చేయించడం డబ్బు దండగ. కానీ ఏ స్టెరాయిడూ వాడడం లేదని చెప్పే మనిషికి ముఖం గుండ్రంగా ఉబ్బి, పొట్ట మీద ఊదా చారలు, చేతుల మీద ఇలాంటి మచ్చలు ఉంటే, కీళ్లనొప్పులకు ఎవరైనా పొట్లాల్లో పొడి ఇస్తున్నారా అని అడుగుతాను. అందులో స్టెరాయిడు కలుపుతుంటారు. ఏళ్లుగా వాడినవాళ్లు ఆ పొడిని కూడా హఠాత్తుగా ఆపకూడదు, డాక్టరు చూస్తుండగా తగ్గించాలి.

దిగులుకు, ఆందోళనకు ఇచ్చే సెర్ట్రాలిన్, ఎసిటాలోప్రామ్ లాంటివి కూడా ప్లేట్‌లెట్లను కాస్త మందగింపజేస్తాయి. ఒక్కటే వాడితే తెలియదు, ఆస్పిరిన్‌తో కలిస్తే మచ్చలు కనపడతాయి. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్, మొండి క్షయకు నెలల తరబడి ఇచ్చే లినెజోలిడ్ ప్లేట్‌లెట్ల సంఖ్యనే తగ్గించగలవు. ఈ రెండింటి విషయంలో మావయ్య చేయించిన పరీక్షే సరైన పరీక్ష.

పరీక్షలు ఎప్పుడు? ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్లలో చాలామందికి తొడల మీద, జబ్బల మీద అప్పుడప్పుడు చిన్న మచ్చలు వస్తూ పోతూ ఉంటాయి, ఏ పరీక్షలోనూ ఏమీ దొరకదు. ఒక్క మచ్చ, కాలి మీదో చేతి మీదో, మందు కారణం తెలుస్తూ, తగ్గుతూ ఉంటే ఆగి చూడవచ్చు. ఒకేసారి అయిదారు మచ్చలు ఉంటే, అవి దెబ్బలు తగలని వీపు, పొట్ట, ఛాతీ మీద ఉంటే, మచ్చ కింద గడ్డలా గట్టిగా ఉంటే, కొత్తగా మొదలై వారం వారం వస్తుంటే చేయించాలి. పన్ను పీకించుకుంటే రోజంతా రక్తం ఆగకపోవడం, బహిష్టు రక్తం ఏళ్లుగా విపరీతంగా పోవడం, అన్నదమ్ములకో మేనమామకో ఇలాంటి చరిత్ర ఉండడం, కామెర్లు, తాగుడు అలవాటు, జ్వరంతో పాటు పాలిపోయి నీరసించడం, ఇవి ఉంటే ఒక్క మచ్చకైనా చేయించాలి. ఇంకా పాకడం రాని పసిబిడ్డ ఒంటి మీద మచ్చ కనపడితే దిష్టి తీసి ఊరుకోకూడదు, అదే రోజు పిల్లల డాక్టరుకు చూపించాలి.

చేయించేది ఏమిటంటే, మన ల్యాబుల్లో సీబీపీ అనే పరీక్ష, దానితోపాటు రక్తపు చుక్కను గాజు పలక మీద పరిచి మైక్రోస్కోపులో చూడడం, తరవాత పీటీ, ఏపీటీటీ అనే రెండు గడ్డకట్టే సమయాలు. అవసరమైతే కాలేయం, మూత్రపిండాల పరీక్షలు. గాజు పలక ఎందుకంటే యంత్రం అబద్ధం చెప్పగలదు. సీబీపీ రక్తాన్ని ఊదా మూత గొట్టంలో తీస్తారు. అందులో ఉండే రసాయనానికి కొందరి ప్లేట్‌లెట్లు గొట్టంలోనే ఒకదానికొకటి అతుక్కుని ముద్దలవుతాయి. యంత్రం ఆ ముద్దలను ప్లేట్‌లెట్లుగా గుర్తించక ముప్పై వేలే ఉన్నాయని అచ్చేస్తుంది. ఒంటి మీద ఒక్క చుక్క కూడా లేని మనిషికి అంత తక్కువ అంకె వస్తే నీలం మూత గొట్టంలో మళ్లీ తీయించి చూడాలి. ఆ నీలం గొట్టానికి మరో షరతు ఉంది, గీత దాకా నిండాలి. సగమే నింపితే రసాయనం పాలు ఎక్కువై ఏపీటీటీ లేనిపోని పెద్ద అంకె చూపిస్తుంది. ఇంటికి వచ్చి రక్తం తీసే కుర్రాడిని ఈ ఒక్క గీత చూపించి అడగండి, ఏమీ అనుకోడు.

ఆ రెండు గడ్డకట్టే సమయాలు ఎందుకు వదలకూడదో నాకు నేర్పింది ఒక రిటైర్డ్ మాస్టారు. వయసు డెబ్బై ఒకటి. ఏ మందూ వాడడం లేదు. ముంజేతి మీద మొదలైన మచ్చ మూడు రోజుల్లో మోచేయి దాటింది, తరవాత నడుము పక్కన పళ్లెమంత నల్లబడింది. రెండు చోట్ల ప్లేట్‌లెట్లు చూశారు, రెండు లక్షల అరవై వేలు, రెండు చోట్లా నార్మల్ అన్నారు. నొప్పికి తుంటికి ఇంజెక్షన్ ఇచ్చారు, ఆ తుంటి రాత్రికి కొబ్బరికాయలా ఉబ్బింది. నా దగ్గరికి వచ్చేసరికి హిమోగ్లోబిన్ ఎనిమిది కూడా లేదు. పీటీ మామూలుగానే ఉంది. ఏపీటీటీ ముప్పై సెకన్ల దగ్గర ఉండవలసింది ఎనభై దాటింది. ఆ రక్తపు ద్రవంలో మంచి మనిషి ద్రవం సగం కలిపి, ఒంటి వేడిలో రెండు గంటలు ఉంచి మళ్లీ చూశారు. ఉత్త లోపమే అయితే కలపగానే సరిపోవాలి. సరిపోలేదు. అంటే మాస్టారి ఒళ్లే గడ్డకట్టే ఎనిమిదో పదార్థం మీద దాడి చేస్తోంది, మనం కలిపిన మంచిదాన్ని కూడా చంపేస్తోంది.

ఇది పుట్టుకతో వచ్చే హిమోఫిలియా కాదు, పెద్దవయసులో వచ్చి పడేది. ఏడాదికి పది లక్షల మందిలో ఒకరికో ఇద్దరికో వస్తుంది, ముసలివాళ్లలో, అరుదుగా కాన్పయిన కొత్తలో ఆడవాళ్లలో. సగం మందిలో కారణమే దొరకదు. అరుదైనది కాబట్టి గుర్తుకు రాదు, ఆలస్యమైతే చంపుతుంది. ఆ ఎనిమిదో పదార్థాన్ని దాటవేసి రక్తం ఆపే ఖరీదైన ఇంజెక్షన్లు, దాడిని అణచే స్టెరాయిడ్లు వాడి మాస్టారిని పెద్దాసుపత్రి వాళ్లు నెలన్నరకు ఇంటికి పంపారు. కారణం తెలియని పెద్ద మచ్చ ఉన్న మనిషికి ఏపీటీటీ చూడకుండా తుంటికి ఇంజెక్షన్ ఇవ్వకూడదని నేను అప్పటి నుంచి అందరితో పోట్లాడుతుంటాను.

ఇవేవీ ఆలోచించకుండా రాత్రయినా సరే ఆసుపత్రికి పరుగెత్తవలసిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. రక్తం పలచన చేసే మాత్రలు వాడుతూ తల తగిలినవాళ్లు, తలనొప్పి లేకపోయినా సరే వెళ్లాలి. మలం తారులా నల్లగా వస్తే, బుగ్గల లోపల రక్తపు బుడగలు లేస్తే, జ్వరంతో పాటు ఊదా మచ్చలు గంటగంటకూ పెరుగుతుంటే, మచ్చ ఉన్న చెయ్యో కాలో బిగుసుకుని తిమ్మిరెక్కుతుంటే తెల్లారేదాకా ఆగకూడదు.

మా అత్త మచ్చ అయిదో రోజుకు బాల్‌పెన్ను గీత దాటింది, కిందికి మాత్రమే, పసుపు రంగులో. పద్దెనిమిదో రోజుకు పోయింది. గుండె క్యాప్సూల్ ఒక్క రాత్రి కూడా తప్పలేదు. వారం కిందట మళ్లీ ఫోన్ చేసి, మావయ్య గేటు గడియకు సైకిల్ ట్యూబు ముక్క చుట్టాడనీ, ఇప్పుడు గేటు సరిగ్గా పడక వీధి కుక్కలు లోపలికి వస్తున్నాయనీ చెప్పింది.